గడియారం ఎందుకు వెనకబడిందో చెప్పే కవర్ లెటర్

"8051 మైక్రోకంట్రోలర్‌తో అసెంబ్లీ భాషలో డిజిటల్ గడియారం చేశాను." ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి, ఎంబెడెడ్ ఫర్మ్‌వేర్ ట్రైనీ ఉద్యోగానికి రాసే కవర్ లెటర్లో ఈ వాక్యం ఒక్కటే ఉంటే చాలదు. ఫర్మ్‌వేర్ అంటే వాషింగ్ మెషీన్, కరెంటు మీటరు వంటి పరికరాల్లోని చిప్‌ను నడిపించే ప్రోగ్రాం. అది తేడా చేసినప్పుడు ఈ అభ్యర్థి కారణం పట్టుకోగలడా అన్నది చదివే ఇంజినీరుకు తెలియాలి. అందుకని ప్రాజెక్టుల జాబితా కన్నా ఒక్క ప్రాజెక్టులో ఎదురైన చిక్కును వివరంగా రాయడం మేలు. ఉత్తరం ఇంగ్లీషులో రాసినా, అందులోని సంగతి ఇలా ఉండొచ్చు:

"మొదట నా గడియారం నిమిషానికి దాదాపు 5 సెకన్లు వెనకబడింది. నేను వాడిన లెక్క 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ది. బోర్డు మీద ఉన్నది 11.0592. అందుకే 50 మిల్లీసెకన్లకు టైమర్ లెక్కించాల్సిన అంకెను 50,000 నుంచి 46,080కి మార్చాను. అయినా రోజుకు సుమారు 19 సెకన్ల తేడా మిగిలింది. ఇంటరప్ట్ వచ్చిన ప్రతిసారీ టైమర్‌లో విలువ మళ్లీ వేసేలోపు పది లెక్కలు పోతున్నాయని గుర్తించాను. తనంతట తానే విలువ నింపుకునే మోడ్ 2కి మార్చాక ఆ తేడా పోయింది."

ఈ అంకెలు ఎక్కడివి? పాత 8051లో క్రిస్టల్ 12 సార్లు కొట్టుకుంటే టైమర్ ఒక లెక్క ముందుకు జరుగుతుంది. 12 మెగాహెర్ట్జ్ అయితే సెకనుకు 10 లక్షల లెక్కలు, 11.0592 అయితే 9,21,600. లెక్కలు తగ్గాయి కనుక గడియారం నెమ్మదించింది. మోడ్ 2లో టైమర్ 256 లెక్కలకోసారి నిండుతుంది. 9,21,600ను 256తో భాగిస్తే శేషం లేకుండా 3,600 వస్తుంది. అన్నిసార్లు నిండితే సరిగ్గా ఒక సెకను. ఇక మిగిలేది క్రిస్టల్‌లో సహజంగా ఉండే కొద్దిపాటి తేడాయే. దాన్నీ ఒక మాటలో రాయాలి.

ఇలా రాసినవాళ్లను ఇంటర్వ్యూలో ఆ లెక్కల మీదే అడుగుతారు. "బోర్డుకు 11.0592 ఎందుకు పెట్టారు?" అంటే, సీరియల్ పోర్టుకు కావాల్సిన 9600 బాడ్ వేగం ఆ క్రిస్టల్‌తో కచ్చితంగా వస్తుందని చెప్పగలగాలి. స్నేహితుడి ప్రాజెక్టు తెచ్చుకున్నవాళ్లు చాలావరకు ఇక్కడే దొరికిపోతారు.

కంపెనీల్లో పని ఎక్కువగా సీ భాషలోనే నడుస్తుంది. కాబట్టి చివరి పేరాలో సీ ఎంతవరకు వచ్చో ఉన్నదున్నట్టు రాసి, ఇంటరప్ట్‌లో రిజిస్టర్ల విలువలు ఎందుకు దాచాలో, ఏ సూచనకు ఎంత సమయం పడుతుందో అసెంబ్లీ వల్ల తెలుసని జతచేయాలి. సీ ప్రోగ్రాం అనుకున్న సమయానికి పని పూర్తిచేయనప్పుడు, కంపైలర్ ఇచ్చిన అసెంబ్లీని చదివి కారణం వెతకడానికి ఆ తెలివిడే కావాలి.