రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతమేనా?

ఈ ఎపిసోడ్‌లో ఒక్క అప్పు తీసుకుని లెక్క చేద్దాం. మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో ప్లాట్ కొంటున్నారు, లక్ష రూపాయలు తక్కువ పడ్డాయి అనుకోండి. బయట అడిగితే "నూటికి రెండు రూపాయలు" అంటారు. అంటే వంద రూపాయలకు నెలకు రెండు రూపాయల వడ్డీ. మనం టక్కున పన్నెండుతో గుణించి, ఏడాదికి 24 శాతం అనేసుకుంటాం.

ఈ 24 నామినల్ రేటు, అంటే పేరుకు చెప్పే రేటు. ఏడాది తిరిగేసరికి నిజంగా ఎంత పడిందో చెప్పేది ఎఫెక్టివ్ రేటు. ఈ రెండిటి మధ్య తేడా ఒక్క ప్రశ్న మీద ఆధారపడుతుంది: వడ్డీ అసలులో ఎప్పుడెప్పుడు కలుస్తుంది?

మీరు ఏడాదంతా ఏమీ కట్టలేదు, వడ్డీ నెలనెలా అసలులో కలుస్తోంది అనుకుందాం. మొదటి నెల వడ్డీ 2,000. రెండో నెల లెక్క 1,02,000 మీద, కాబట్టి 2,040. ఇలా పన్నెండు నెలలు పోతే మీ ఫోన్ క్యాలిక్యులేటర్‌లో కొట్టాల్సింది ఇది:

```
(1 + 0.24/12)^12 = 1.2682
```

అంటే లక్షకు వడ్డీ 26,824. పేరుకు 24 శాతం, పడింది 26.82 శాతం.

"అన్నా, నేను నెలనెలా 2,000 కట్టేస్తా కదా, అప్పుడు 24 వేలే కదా?" అంటారు. మీ చేతి నుంచి పోయేది 24 వేలే, కరెక్ట్. కానీ ఇచ్చినాయనకు మొదటి 2,000 మొదటి నెలలోనే అందింది. దాన్ని ఆయన అదే రేటుకు ఇంకొకరికి తిప్పుకోవచ్చు. అలా అన్నీ తిప్పితే ఏడాది చివర ఆయన దగ్గర వడ్డీ కింద ఉండేది మళ్లీ 26,824. మీరేమో ఆ పైసలు వాడుకునే అవకాశం ముందే వదులుకున్నారు. అందుకే ఏడాది చివర ఒకేసారి వడ్డీ కట్టే అప్పుతో పోల్చాలంటే 26.82నే పక్కన పెట్టాలి.

అదే బారువడ్డీ అయితే, మీరు కట్టకపోయినా వడ్డీ మీద వడ్డీ పడదు. మూడేళ్లకు 72,000, అంతే. కానీ ప్రామిసరీ నోటుకు మూడేళ్ల కాలపరిమితి ఉంది కాబట్టి, అప్పు తీరకపోతే నోటు తిరగరాస్తారు. కొత్త నోటులో అసలు 1,72,000 అని రాశారా? ఆ రోజు నుంచి వడ్డీకి వడ్డీ మొదలైనట్టే. అదే మూడేళ్లూ నెలవారీ చక్రవడ్డీ అయి ఉంటే బాకీ 2,03,989 అయ్యేది.

ఇప్పుడు అసలు డౌట్. నెలకోసారి కాకుండా రోజూ కలిపితే? గంటకోసారి కలిపితే? ప్రతి క్షణం కలిపితే అప్పు ఆకాశానికి పోతుందా? పోదు. మన లక్ష మీద ఏడాదికి ఇలా వస్తుంది:

```
ఏడాదికోసారి : 24,000
నెలకోసారి   : 26,824
రోజూ       : 27,115
ప్రతి క్షణం   : 27,125
```

చివరి లైన్‌నే కంటిన్యూయస్ కాంపౌండింగ్ అంటారు. దాని ఫార్ములా `e^0.24 - 1`, ఇక్కడ e అంటే సుమారు 2.718. రోజూ కలపడం నుంచి క్షణక్షణం కలపడానికి వెళ్తే పెరిగింది పది రూపాయలు. ఎందుకంటే ఎక్కువసార్లు కలిపే కొద్దీ ఒక్కోసారి కలిసే వడ్డీ కూడా చిన్నదవుతుంది. దాని మీద పుట్టే వడ్డీ ఇంకా చిన్నది. అందుకే మొత్తం ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. ఏడాదికోసారి నుంచి నెలకోసారికి వస్తే 2,824 పెరిగింది. నెల నుంచి క్షణానికి వెళ్తే పెరిగింది 301 మాత్రమే.

కాబట్టి పేరు విని భయపడొద్దు. 23.5 శాతానికి ప్రతి క్షణం వడ్డీ కలిపే అప్పు లక్షకు 26,491 అవుతుంది. 24 శాతానికి నెలకోసారి కలిపే అప్పు కంటే అదే చవక! అలాగే 26 శాతానికి ఏడాదికోసారి కలిపే అప్పు కూడా చవకే, 26,000. వినడానికి 24 తక్కువ, కట్టడానికి ఎక్కువ.

బ్యాంకు అప్పు అయితే ఒక కాగితం అడగండి. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే కొత్త రిటైల్ టర్మ్ లోన్లకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ రూల్ పెట్టింది. అందులో ఏపీఆర్ అనే అంకె ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు లాంటి ఖర్చులు కూడా కలిపి తేల్చిన వార్షిక రేటు అది. రెండు బ్యాంకుల నెలవారీ ఈఎంఐ లోన్లను పోల్చడానికి అది చాలు. బయటి అప్పుకు అలాంటి కాగితం రాదు. అక్కడ ఎంత రేటు, ఎప్పుడు కలుస్తుంది, ఈ రెండూ సంతకానికి ముందే నోటు మీద రాయించుకుని, పైన చూపించిన లెక్క మీరే కొట్టండి.

మీకు చెప్పిన రేటు, వడ్డీ కలిసే గడువు కామెంట్‌లో పెట్టండి, లెక్క చేసి చూద్దాం. ఉంటాను.