పప్పు ఆపితే మగత తగ్గుతుందా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు లివర్ పాడైన మనిషికి మాట తడబడినా, పగలు మగతగా పడి ఉండి రాత్రంతా మేలుకున్నా, ఇంట్లో మొదట ఆపేది పప్పు, గుడ్డు. వనపర్తిలో మా పెదనాయనకూ అదే చేశారు. ప్రోటీన్ నుంచి అమ్మోనియా పుడుతుంది, అది మెదడుకు చేరితే హెపాటిక్ ఎన్సెఫలోపతి వస్తుందన్న లెక్క. సగం నిజమే. కానీ లివర్ చేయలేని పనిని కొంత కండ చేస్తుంది, అమ్మోనియాను పట్టుకుని గ్లుటమిన్‌గా మారుస్తుంది. ప్రోటీన్ ఆపితే ఆ కండే కరుగుతుంది.

2004లో బార్సిలోనా డాక్టర్లు ఇలాంటి రోగుల్లో కొందరికి మొదటిరోజు నుంచే మామూలు ప్రోటీన్ ఇచ్చారు, మిగతావాళ్లకు ముందు ఆపి మెల్లగా పెంచారు. కోలుకోవడంలో తేడా లేదు. ఆపినవాళ్లలో కండ మాత్రం ఎక్కువ కరిగింది. చిన్న పరిశోధనే, అయినా ఇప్పటి సలహా అటే ఉంది: కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు. కడుపులో నీరు తీసేస్తే పెదనాయన బరువు 60 కిలోలు, అంటే కనీసం 72 గ్రాములు. మాంసం పడకపోతే పప్పులు, పాలు, పెరుగు.

ఇక రాత్రి సంగతి. దెబ్బతిన్న లివర్‌లో చక్కెర నిల్వ తక్కువ. రాత్రి ఏడింటికి తిని మళ్లీ పొద్దున తింటే, ఆ ఒక్క రాత్రి మామూలు మనిషి రెండు మూడు రోజులు పస్తున్నట్టే. ఒళ్లు కండను కరిగించి చక్కెర చేసుకుంటుంది. అందుకే పడుకునే ముందు 50 గ్రాముల పిండిపదార్థం అందాలి. అంటే రెండు జొన్నరొట్టెలు, ఒక గ్లాసు పాలు.

"పండుకునేటప్పుడు రొట్టె ఏందిరా?" అని పెదనాయన గొణిగాడు గానీ తిన్నాడు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి.

ఇవన్నీ మందుకు బదులు కాదు. రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం అయ్యేలా లాక్టులోజ్ తాగాల్సిందే. మగత మళ్లీ వస్తే మలబద్ధకం ఉందా, జ్వరం ఉందా, విరేచనం నల్లగా అవుతోందా చూసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.