కార్డు పూర్తయినా ముప్పు తీరదు

టాస్క్ బోర్డు మీద ఉండేవి పనులు. ఒక్కో పనికి ఒక కార్డు ఉంటుంది. అది ‘చేయాల్సినవి’ వరుసలో మొదలై ‘జరుగుతున్నవి’ మీదుగా ‘అయిపోయినవి’లోకి చేరుతుంది. రిస్క్ రిజిస్టర్‌లో ఉండేవి ఇంకా జరగనివి, జరిగితే దెబ్బతీసేవి. బోర్డు లేని రిజిస్టర్‌లో నివారణ చర్యలు కాగితం మీదే ఉండిపోతాయి. రిజిస్టర్ లేని బోర్డులో పనులు సాగుతాయి గానీ, ఏ పని ఏ ముప్పు కోసమో కొన్నాళ్లకు ఎవరికీ గుర్తుండదు.

ఒక ఆసుపత్రి పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వదిలి కొత్తదానికి మారుతోందనుకుందాం. రిజిస్టర్‌లో ‘డేటా సమస్య’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. కారణం, జరగబోయేది, నష్టం మూడూ ఒకే వాక్యంలో ఉండాలి: ‘పాత లెక్కల్లో ఒకే రోగికి రెండు మూడు నంబర్లు ఉన్నందువల్ల, బదిలీలో రికార్డులు కలగలిసి, కౌంటర్‌లో తప్పు బాకీలు కనిపించవచ్చు.’ దీనికి R-07 అని నంబరు ఇస్తారు. అవకాశానికి 5కి 4, నష్టానికి 5కి 4 వేస్తే, గుణించగా 16.

దీనికి బాధ్యులు అకౌంట్స్ అధికారి. నష్టం తగిలేది ఆ విభాగానికే, నిర్ణయం తీసుకునే అధికారమూ అక్కడే ఉంది. చర్యలు మాత్రం వేరేవాళ్లు చేస్తారు. ముప్పు బాధ్యులు, పని చేసేవారు ఒకరే కానక్కర్లేదు. అయితే ‘టీమ్ అంతా’ అని రాస్తే ఎవరూ లేనట్టే.

ఇక్కడి నుంచి బోర్డు పని మొదలవుతుంది. మూడు కార్డులు పెడతారు: రెండు నంబర్లున్న రోగుల జాబితా తీయడం, వెయ్యి రికార్డులతో ప్రయోగాత్మక బదిలీ, మార్పు తర్వాత 30 రోజులు పాత సాఫ్ట్‌వేర్‌ను చూడటానికి మాత్రమే అందుబాటులో ఉంచే ఏర్పాటు. ప్రతి కార్డు పేరు ముందూ R-07 ఉంటుంది. రిజిస్టర్‌లో ఆ ముప్పు ఎదుట కార్డుల లింకులు ఉంటాయి.

ప్రయోగాత్మక బదిలీ జరిగింది, కార్డు ‘అయిపోయినవి’లోకి వెళ్లింది. కానీ వెయ్యిలో అరవై రికార్డులు కలగలిశాయి. అంటే పని అయింది, ముప్పు తగ్గలేదు. చాలా జట్లు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే: కార్డు కదలగానే రిజిస్టర్‌లోనూ ‘ముగిసింది’ అని రాసేస్తారు. ఈ జట్టు 16ను అలాగే ఉంచి, రికార్డులను మనుషులే చూసి కలిపే కొత్త కార్డు పెట్టింది. రెండో ప్రయోగంలో మూడే తప్పులు వచ్చాయి, అవకాశం 2కి దిగింది. పాత సాఫ్ట్‌వేర్ ఏర్పాటు కూడా పూర్తయి, తప్పు బాకీని కౌంటర్‌లోనే సరిచూసే వీలు కలిగింది, నష్టం 3కి దిగింది. ఇప్పుడు స్కోరు 6. ఏ చర్య ఏ అంకెను తగ్గించిందో చెప్పలేకపోతే, ఆ తగ్గింపును నమ్మకూడదు.

ఈ అంకెలు కొలతలు కావు, అంచనాలు. తరచూ జరిగే చిన్న తప్పుకు 5×1, అరుదైన పెద్ద విపత్తుకు 1×5 వేసినా వచ్చేది ఒకటే 5. అందుకే నష్టం 5 ఉన్నవాటిని మొత్తం స్కోరు ఎంతైనా విడిగా చూడాలి.

వారం వారం బోర్డు ముందు నిలబడేటప్పుడు రిజిస్టర్ మొత్తం చదవనక్కర్లేదు. పై అయిదు ముప్పులు చాలు. వాటిలో కదలని కార్డు ఉందా, కార్డే లేని ముప్పు ఉందా అన్నది చూస్తే సరిపోతుంది. ముప్పు నిజంగానే జరిగిపోతే అది ఇక రిస్క్ కాదు, సమస్య. R-07ను ‘సంభవించింది’ అని మార్చి, సరిదిద్దే పనిని అత్యవసర కార్డుగా బోర్డు పైవరుసలో పెట్టాలి.