నిఫ్టీ 736 పాయింట్లు, కాల్ 52 రూపాయలు

కాల్ ఆప్షన్ కొనేవారు సాధారణంగా ఒక్క విషయమే చూస్తారు: సూచీ పెరుగుతుందా, లేదా అని. కానీ కాల్‌కు చెల్లించే ప్రీమియంలో సూచీ దిశతో పాటు మరో రెండు వస్తువులకు ధర కలిసి ఉంటుంది. ఒకటి ఎక్స్‌పైరీ వరకు మిగిలిన కాలం. రెండోది ఆ కాలంలో సూచీ ఎంతగా ఊగిసలాడుతుందని మార్కెట్ అనుకుంటోందో ఆ అంచనా. ఈ రెండో దాన్నే ఇంప్లైడ్ వొలటిలిటీ, క్లుప్తంగా ఐవీ అంటారు.

దీన్ని ఎవరూ విడిగా కొలిచి ప్రకటించరు. సూచీ స్థాయి, స్ట్రైక్, మిగిలిన రోజులు, వడ్డీ రేటు అందరికీ తెలిసినవే. ప్రీమియం కూడా తెర మీదే కనిపిస్తుంది. బ్లాక్-షోల్స్ సూత్రంలో తెలియనిది ఒక్క వొలటిలిటీయే కాబట్టి, ప్రీమియం నుంచి వెనక్కి లెక్కగట్టి దాన్ని రాబడతారు. అంటే ఐవీ జరగబోయే దాని గురించిన జోస్యం కాదు. ఆ క్షణంలో ఆప్షన్ ఎంత ఖరీదుగా ఉందో చెప్పే అంకె. దాన్ని ఏడాది లెక్కన శాతంలో చెబుతారు. ఏడాదికి సుమారు 252 ట్రేడింగ్ రోజులు, ఆ సంఖ్య వర్గమూలం దాదాపు 16. అందుకే ఐవీని 16తో భాగిస్తే రోజువారీ కదలిక అంచనా వస్తుంది. ఐవీ 26 శాతం ఉంటే రోజుకు సుమారు 1.6 శాతం లోపు కదలిక మూడింట రెండు రోజులు ఉంటుందని మార్కెట్ ధర కట్టినట్టు.

2024 జూన్ 4న లోక్‌సభ ఎన్నికల ఫలితాలు ఎగ్జిట్ పోల్స్‌కు భిన్నంగా వచ్చాయి. ఆ రోజు నిఫ్టీ దాదాపు 6 శాతం పడి 21,884 వద్ద ముగిసింది. నిఫ్టీ ఆప్షన్ల ధరల నుంచి ఎన్‌ఎస్‌ఈ లెక్కించే ఇండియా విక్స్ 26 దాటి ముగిసింది. మర్నాడు ప్రభుత్వ ఏర్పాటుపై స్పష్టత రావడంతో నిఫ్టీ 736 పాయింట్లు పుంజుకుని 22,620కి చేరింది, విక్స్ 19 దగ్గరకు జారింది. దిశ సరిగ్గా ఊహించి కాల్ కొన్నవారికి ఇది పండగ రోజు కావాలి. ఎంత పండగో లెక్క వేసి చూడవచ్చు.

జూన్ 4 ముగింపులో, జూన్ 27న ఎక్స్‌పైర్ అయ్యే 23,000 స్ట్రైక్ కాల్ ఒకరు కొన్నారనుకుందాం. ఐవీ 26 శాతం అనీ, వడ్డీ లేదనీ అనుకుంటే సూత్రం ప్రకారం దాని ధర సుమారు 188 రూపాయలు. ఇవి మార్కెట్‌లో ఆ రోజు నమోదైన ధరలు కావు, సూత్రం ఇచ్చే ధరలు. ఈ ప్రీమియం ఏ కారణానికి ఎంత కదులుతుందో చెప్పేవే గ్రీక్స్.

మొదటిది డెల్టా. సూచీ ఒక పాయింట్ కదిలితే ప్రీమియం ఎంత కదులుతుందో ఇది చెబుతుంది. మన కాల్ డెల్టా 0.23, అంటే పాయింట్‌కు 23 పైసలు. 736 పాయింట్లకు దాదాపు 171 రూపాయలు రావాలి. అయితే సూచీ స్ట్రైక్‌కు దగ్గరయ్యేకొద్దీ డెల్టా కూడా పెరుగుతుంది. ఆ పెరుగుదల వేగమే గామా. ఈ కాల్‌కు ప్రతి 100 పాయింట్లకు డెల్టా 0.02 చొప్పున పెరుగుతుంది కాబట్టి, ఇంత పెద్ద కదలికలో గామా మరో 58 రూపాయలు చేరుస్తుంది. ఆప్షన్ కొన్నవారికి గామా ఎప్పుడూ మిత్రుడే, కానీ ఉచితంగా రాదు. దానికి కట్టే అద్దె థీటా. ఒక రోజు గడిచినందుకు ఇక్కడ పోయేది 9 రూపాయల 50 పైసలు. ఎక్స్‌పైరీ వారంలో, స్ట్రైక్ దగ్గరున్న ఆప్షన్లలో ఈ అద్దె బాగా పెరుగుతుంది.

ఇక్కడిదాకా లెక్క కలిపితే 188 రూపాయల కాల్ 410 దగ్గరకు చేరాలి. ఐవీ 26 శాతం దగ్గరే ఉండిపోయి ఉంటే నిజంగానే చేరేది.

కానీ ఐవీ ఉండిపోలేదు. విక్స్ పడిన తీరులోనే ఈ కాల్ ఐవీ కూడా 18 శాతానికి పడిందనుకుందాం. ఐవీ ఒక శాతం పాయింట్ మారితే ప్రీమియం ఎంత మారుతుందో చెప్పేది వేగా. (గ్రీకు అక్షరమాలలో ఈ పేరున్న అక్షరమే లేదు, అయినా ట్రేడర్లు దాన్ని గ్రీక్స్‌లో కలిపేసుకున్నారు.) కొన్నప్పుడు ఈ కాల్ వేగా 16.8 రూపాయలు. 8 పాయింట్లకు 134 రూపాయలు పోతాయనిపిస్తుంది. నిజానికి పోయేది 170. ఎందుకంటే నిఫ్టీ పెరిగి స్ట్రైక్‌కు దగ్గరైనప్పుడు వేగా కూడా 21 దాటింది. చివరికి కాల్ ధర 240 దగ్గర నిలుస్తుంది. సూచీ 736 పాయింట్లు పెరిగితే చేతికొచ్చింది 52 రూపాయలు! గ్రీక్స్ ఆ క్షణానికి తీసిన కొలతలే కానీ స్థిరమైన అంకెలు కావని కూడా ఇక్కడే తేలుతుంది. పెద్ద కదలిక వచ్చినప్పుడు వాటిని మళ్లీ లెక్కించక తప్పదు. వడ్డీ రేటు ప్రభావాన్ని చెప్పే రో అనే గ్రీక్ కూడా ఉంది, కానీ ఇలాంటి స్వల్పకాలిక ఆప్షన్లలో దాన్ని పట్టించుకోకపోయినా ఫర్వాలేదు.

ఈ నష్టానికి మూలం దిశ కాదు, కొన్న వేళ. ఫలితాలు, బడ్జెట్, రిజర్వ్ బ్యాంక్ నిర్ణయం వంటి తేదీలు దగ్గరపడేకొద్దీ ఐవీ పెరుగుతుంది, ఆ అనిశ్చితి తీరగానే కూలుతుంది. దాన్ని ముందే పసిగట్టడం కష్టం కాదు. ఎన్‌ఎస్‌ఈ ఆప్షన్ చెయిన్‌లో ప్రతి స్ట్రైక్ పక్కనా ఐవీ కాలమ్ ఉంటుంది. ఆ అంకెను గత కొన్ని నెలల స్థాయితోనూ, సూచీ ఈ మధ్య నిజంగా ఊగిన తీరుతోనూ పోల్చితే ఆప్షన్ ఖరీదా, చవకా అనేది తెలుస్తుంది. అన్ని స్ట్రైక్‌లకూ ఐవీ ఒకేలా ఉండదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. పతన భయంతో పుట్ ఆప్షన్లకు గిరాకీ ఎక్కువ కాబట్టి, సూచీ కంటే కింది స్ట్రైక్‌లలో ఐవీ సాధారణంగా హెచ్చుగా ఉంటుంది.

ఐవీ ఎక్కువగా ఉన్నా పెరుగుదల మీదే నమ్మకముంటే బుల్ కాల్ స్ప్రెడ్ మేలు. 23,000 కాల్ కొంటూ, అదే ఎక్స్‌పైరీకి 23,500 కాల్ అమ్మడమే ఇది. పై లెక్క ప్రకారమే అమ్మిన కాల్‌కు 103 రూపాయలు వస్తాయి కాబట్టి నికర ఖర్చు సుమారు 85. మర్నాడు ఆ స్ప్రెడ్ విలువ 131. ఐవీ పతనం కొన్న కాల్‌ను దెబ్బతీసినా, అమ్మిన కాల్‌ను కూడా చవక చేసి కొంత తిరిగి ఇచ్చింది. పెట్టుబడిపై లాభం ఒంటరి కాల్‌లో 28 శాతం, స్ప్రెడ్‌లో 50 శాతం పైమాటే.

దీనికి వదులుకునేది లేకపోలేదు. నిఫ్టీ ఎంత ఎత్తుకు వెళ్లినా స్ప్రెడ్ విలువ 500 రూపాయలు దాటదు, అంటే గరిష్ఠ లాభం 415. రెండు ఆర్డర్ల బ్రోకరేజీ, పన్నులు పడతాయి, అమ్మిన కాల్‌కు మార్జిన్ కట్టాలి. ఐవీ తక్కువగా ఉండి, భారీ కదలిక వస్తుందనిపించినప్పుడు ఒంటరి కాలే మెరుగు.