తవ్విన మట్టి ఎంత, పోసిన మట్టి ఎంత?

రోడ్డు పూర్తయ్యాక తారు మందం ఎంతో తెలుసుకోవాలంటే ఒక చోట కోసి చూడొచ్చు. మట్టి పని అలా కాదు. గట్టు కింద అసలు నేల ఏ ఎత్తులో ఉండేదో, గుట్ట దగ్గర ఎంత లోతు తవ్వారో తర్వాత కంటికి కనబడవు. అందుకే మట్టి లెక్కను పని మొదలవకముందే, ఎస్టిమేట్ కాగితం మీదే సరిచూడాలి. కూడికలు, గుణకారాలు వస్తే చాలు, ఎవరైనా చూడొచ్చు.

లెక్క పద్ధతి ఇది. రోడ్డు పొడవునా కొంత కొంత దూరంలో అడ్డంగా కోసినట్టు క్రాస్ సెక్షన్లు గీస్తారు. ఒక్కో చోట కటింగ్ వైశాల్యం ఎంత, ఫిల్లింగ్ వైశాల్యం ఎంత అన్నది పట్టికలో రాస్తారు. పక్కపక్కనున్న రెండు వైశాల్యాలను కూడి, సగం చేసి, వాటి మధ్య దూరంతో గుణిస్తే ఆ ముక్కలోని మట్టి వస్తుంది.

135 మీటర్ల చిన్న ముక్కను ఊహించుకుందాం. రోడ్డు మట్టం దగ్గర వెడల్పు 7.5 మీటర్లు. ఫిల్లింగ్‌లో గట్టు వాలు ఒక మీటరు ఎత్తుకు రెండు మీటర్లు, కటింగ్‌లో మీటరుకు మీటరు. పక్క కాలువలను వదిలేద్దాం. సున్నా చైనేజీలో అర మీటరు ఫిల్లింగ్ ఉంది, అంటే వైశాల్యం 4.25 చదరపు మీటర్లు. 30 దగ్గర ఒక మీటరు ఫిల్లింగ్, వైశాల్యం 9.5. 60 దగ్గర మళ్లీ అర మీటరే, 4.25. ఈ మొదటి రెండు ముక్కల్లో ఒక్కోదానికి 206.25 క్యూబిక్ మీటర్లు వస్తాయి. ఇక్కడి దాకా ఎవరూ పొరపడరు.

90 దగ్గరికి వచ్చేసరికి నేల పైకి లేచింది. అక్కడ ఒక మీటరు కటింగ్, వైశాల్యం 8.5. మరి 60కీ 90కీ మధ్య సంగతేమిటి? చాలా పట్టికల్లో 60 దగ్గర కటింగ్ సున్నా, 90 దగ్గర ఫిల్లింగ్ సున్నా అని వేసి, రెండింటినీ పూర్తి 30 మీటర్లకు లాగేస్తారు. అప్పుడు ఫిల్లింగ్ 63.75, కటింగ్ 127.5 వస్తాయి. కానీ ఫిల్లింగ్ 90 దాకా సాగదు, కటింగ్ 60 దగ్గర మొదలవదు. మధ్యలో ఎక్కడో నేల సరిగ్గా రోడ్డు మట్టాన్ని తాకుతుంది. నేల ఒకే వాలులో లేచిందనుకుంటే అర మీటరు, ఒక మీటరు నిష్పత్తిలో 30 మీటర్లను పంచాలి. అలా చూస్తే 60 నుంచి 10 మీటర్ల దూరంలో, అంటే 70 చైనేజీలో ఫిల్లింగ్ అయిపోతుంది. అసలు ఫిల్లింగ్ 21.25, అసలు కటింగ్ 85. రెండు పద్దుల్లోనూ 42.5 చొప్పున ఎక్కువ పడిందన్నమాట.

ఈ తప్పు దొరక్కుండా పోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. కటింగ్‌లోంచి ఫిల్లింగ్ తీసేసి చూస్తే రెండు లెక్కల్లోనూ మిగిలేది 63.75. రెండు పద్దులూ సమానంగా పెరిగాయి కాబట్టి మిగులు కదలలేదు. మిగులు ఒక్కటే చూసి సరే అనుకునేవారికి ఏ తేడా తెలియదు. బిల్లు మాత్రం తవ్వకానికీ పోతకీ విడివిడిగా వస్తుంది. అందుకే రెండు వరుసలనూ ఎప్పుడూ వేరువేరుగానే సరిచూడాలి. ఫిల్లింగ్ నుంచి కటింగ్‌లోకి మారిన ప్రతిచోటా ఆగి, దూరం గడిలో 30 వేశారా, పంచిన దూరం వేశారా చూడాలి.

రెండో చోటు చివరి ముక్క. 120 దగ్గర అర మీటరు కటింగ్, వైశాల్యం 4. రోడ్డు 135 దగ్గర పాత రోడ్డులో కలుస్తుంది, అక్కడ వైశాల్యం సున్నా. దూరం 15 మీటర్లే కాబట్టి ఇక్కడ కటింగ్ 30 క్యూబిక్ మీటర్లు. పై వరుసల్లోని 30ని కిందికి అలాగే కాపీ చేస్తే అది 60 అయిపోతుంది. దూరాల గడిని మొత్తం కూడి రోడ్డు పొడవుతో పోల్చితే ఇలాంటిది వెంటనే బయటపడుతుంది.

సగటు వైశాల్యం పద్ధతిలోనే కొద్దిపాటి ఎక్కువ ఉంటుంది. మొదటి ముక్కలో మధ్య సెక్షన్‌ను కూడా కలిపి లెక్క కడితే 203.75 వస్తుంది, మనకు వచ్చింది 206.25. అంత తేడా ఒప్పుకోవచ్చు.

ఒప్పుకోకూడనిది వేరే ఉంది. సున్నాకీ 30కీ నడుమ, 15 మీటర్ల దగ్గర పాత మట్టి గుంట ఒకటి ఉండి, అక్కడ ఫిల్లింగ్ 1.75 మీటర్లు కావాలనుకోండి. ఆ సెక్షన్ కూడా తీసుకుంటే ఈ ముక్కకు పట్టే మట్టి దాదాపు 392 క్యూబిక్ మీటర్లు. పట్టికలో ఉన్నది 206. గుణకారం ఎన్నిసార్లు సరిచూసినా ఈ తేడా దొరకదు, ఎందుకంటే గుంట పట్టికలోకే రాలేదు. అదే చోట గుంటకు బదులు దిబ్బ ఉంటే ఫిల్లింగ్ ఎక్కువగా పడుతుంది. కాబట్టి పట్టిక చేత పట్టుకుని ఆ దారిన ఒకసారి నడవాలి. నేల వాలు విరిగిన ప్రతిచోటా, వాగు గట్టు దగ్గరా, చెరువు అంచునా, 30 మీటర్లు నిండకపోయినా అదనపు సెక్షన్ తీశారా అని చైనేజీ వరుసలో వెతకాలి. మొదటి నుంచి చివరిదాకా 0, 30, 60 అని గీత గీసినట్టే పోయిన పట్టిక కనిపిస్తే, గుంటలూ దిబ్బలూ ఉన్న దారికి లెవల్స్ మళ్లీ తీయమని అడగాలి.