అచ్చు చెరిపేస్తే మిగిలేదంతా జవాబేనా?

1879 నుంచి 1916 దాకా మన దేశం నుంచి 60 వేల పైచిలుకు మంది ఒప్పందం కూలీలుగా ఫిజీ చెరకు తోటలకు ఓడలెక్కారు. మొదట్లో ఓడలన్నీ కలకత్తా నుంచే బయల్దేరేవి. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా మొదలయ్యాక విశాఖ, గోదావరి ప్రాంతాల తెలుగువాళ్లూ ఆ దారి పట్టారు. వెళ్లిన ప్రతి మనిషికీ ఒక పాసు ఉండేది. అచ్చు వేసిన ఒక ఫారం అది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, శరీరం మీది గుర్తులు, ఎత్తు అంటూ ఇంగ్లీషులో అచ్చయిన మాటల పక్కన ఖాళీల్లో గుమాస్తా కలంతో నింపేవాడు. ఆ పాసులు ఇప్పుడు ఫిజీ రాజధాని సువాలో, అక్కడి జాతీయ ప్రాచీన పత్రాల భాండాగారంలో ఉన్నాయి. తాత ముత్తాతల ఊరు వెతుక్కునేవాళ్లకు అంతకు మించిన ఆధారం దొరకడం కష్టం.

వెతకాలంటే ముందు ఆ చేతిరాతను టైపులోకి ఎక్కించాలి. పాసు బొమ్మను అలాగే కంప్యూటరుకి ఇచ్చి చదవమంటే ఏమవుతుందో చూడండి. అచ్చు అక్షరాలు నిక్కచ్చిగా ఉంటాయి కాబట్టి ‘ఫాదర్స్ నేమ్’, ‘బాడిలీ మార్క్స్’ తప్పులేకుండా వస్తాయి. వాటి పక్కన గుమాస్తా గొలుసుకట్టులో రాసిన అసలు పేరు ముక్కలు ముక్కలై, అచ్చు మాటల మధ్య ఇరుక్కుపోతుంది. పైగా ప్రతి పాసు అడుగునా డాక్టరు ధ్రువీకరణ పేరా ఒకటి అచ్చయి ఉంటుంది. వేల పాసుల్లో అదే పేరా వేలసార్లు వచ్చి కూర్చుంటుంది. మనకు కావలసింది మాత్రం నింపిన జవాబులే. అందుకే అచ్చును, చేతిరాతను ముందే విడదీయాలి.

ఈ కాలపు ఫారాలకైతే సులువైన ఉపాయం ఉంది. పరీక్షల ఓఎమ్మార్ షీట్లు గులాబీ రంగులోనో లేత ఎరుపులోనో అచ్చవుతాయి, గమనించే ఉంటారు. ఎర్రటి కాంతిలో ఎర్ర సిరా తెల్ల కాగితం లాగే మెరుస్తుంది కాబట్టి స్కానరుకి ఆ గళ్లు కనబడవు. నీలం, నలుపు పెన్ను రాత మాత్రం చీకటిగా మిగులుతుంది. ఇప్పటి స్కానర్లు రంగు బొమ్మనే తీస్తాయి, అందులోని ఎరుపు భాగం ఒక్కటే విడిగా చూస్తే చాలు, గళ్లు మాయమవుతాయి. ఎవరైనా ఎర్ర పెన్నుతో నింపారో, జవాబూ గళ్లతో పాటే మాయమవుతుంది. ఆ షీట్ల మీద నీలం లేదా నలుపు పెన్నే వాడమనడానికి ఇదీ ఒక కారణం.

ఫిజీ పాసులకు ఈ ఉపాయం పనికిరాదు. పరిశోధకుల చేతికి ఎక్కువగా అందేవి మైక్రోఫిల్మ్ నకళ్లు. వాటిలో అచ్చూ నలుపే, రాతా నలుపే. అప్పుడు మిగిలిన దారి ఒక్కటి: ఖాళీ ఫారం ఒకటి సంపాదించి, నింపిన ఫారంలోంచి దాన్ని తీసివేయడం. నూరేళ్ల కిందటి ఖాళీ ఫారం ఎక్కడ దొరుకుతుంది? దొరకక్కర్లేదు, నింపిన వాటి నుంచే తయారు చేసుకోవచ్చు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

ఒకే రకం పాసులు 41 తీసుకున్నామనుకోండి. ఒకదాని మీద ఒకటి సరిగ్గా పరిచినట్టు వాటిని కంప్యూటరులో అమర్చాలి. ఇక బొమ్మలోని ఒక్కో చుక్క దగ్గర ఆగి, 41 పాసుల్లో ఆ చుక్క ఎంత నల్లగా ఉందో చూసి, వరసగా పేర్చి, సరిగ్గా నడుమనున్న 21వ విలువ తీసుకోవాలి. పేరు రాసే ఖాళీలో ఒక చుక్క ఉందనుకుందాం. ఒక్కొక్కరి పేరు ఒక్కో తీరు కాబట్టి ఆ చుక్క మీదుగా కలం నడిచింది ఏ ఆరు పాసుల్లోనో ఉంటుంది, మిగతా 35లో తెలుపే. నడుమ విలువ తెలుపు. అచ్చు అక్షరం పడ్డ చోట దాదాపు అన్నిటిలోనూ నలుపే కాబట్టి నడుమ విలువా నలుపే. ఇలా చుక్క చుక్కా పూర్తయ్యేసరికి చేతిరాతలన్నీ ఆవిరైపోయి, ఎవరూ నింపని ఫారం తెర మీద నిలుస్తుంది.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. ఆ 41 పాసులూ ఒకే ఓడవైతే ఓడ పేరు అన్నిటిలో ఒకటే. ఒకే గుమాస్తా ఒకే చోట ఒకే తీరులో రాసి ఉంటాడు, లేదా రబ్బరు ముద్ర కొట్టి ఉంటాడు. లెక్కకు అది అచ్చులాగే కనిపిస్తుంది. తయారైన ఖాళీ ఫారంలో ఓడ పేరు కూర్చుని ఉంటుంది, తీసివేతలో ప్రతి పాసు నుంచీ అది చెరిగిపోతుంది. ఫలితాల్లో ఒక గడి వరసగా అన్ని పాసుల్లోనూ ఖాళీ వస్తుంటే అనుమానించాల్సింది దీన్నే. మందు సులభం. వేర్వేరు ఓడల, వేర్వేరు సంవత్సరాల పాసులు కలిపి తీసుకోవాలి. అయితే ఫారం మళ్లీ అచ్చయినప్పుడు మాటలు కాస్త జరిగి ఉండవచ్చు, కాబట్టి ఏ అచ్చుకు ఆ అచ్చు విడిగా గుంపు చేయాలి.

తీసివేత వినడానికి తేలిక. చేసేటప్పుడు తెలుస్తుంది బాధ. అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే మిల్లీమీటరుకి దాదాపు 12 చుక్కలు. ఖాళీ కింద గీసిన సన్నటి గీత మందం మూడు చుక్కలు ఉంటే ఎక్కువ. కాగితం తేమకు ముడుచుకుని, ఫిల్మ్ తీసేటప్పుడు మూల కాస్త వంగి, అర మిల్లీమీటరు తేడా వచ్చిందంటే ఆరు చుక్కలు జరిగినట్టే. చెరపబోయిన గీత పక్కకు తప్పుకుంటుంది, దాని బదులు చేతిరాతకు గాటు పడుతుంది. అందుకే నాలుగు మూలలు కలిపి ఊరుకోకుండా, పాసు పొడవునా అచ్చు మాటలనే గుర్తులుగా పెట్టుకుని ముక్కముక్కగా సరిచేస్తారు. అచ్చు అక్షరాల చుట్టూ సన్నటి అంచులు మిగిలి కనిపిస్తున్నాయంటే అమరిక ఇంకా కుదరలేదన్నమాట.

అమరిక కుదిరినా గీత మీద రాసిన రాతతో చిక్కు తీరదు. గీతను అడ్డంగా దాటిన కలం గుర్తు తెగితే పర్వాలేదు. పై ముక్కా కింది ముక్కా ఎదురెదురుగా ఉంటాయి, కలపవచ్చు. గీత వెంబడే నడిచిన గుర్తు పోతే మాత్రం తిరిగి రాదు. వయసు గడిలో 22 అని ఉందనుకోండి. రెండు అంకె అడుగు సరిగ్గా గీత మీద కూర్చుంది. గీతతో పాటు అడుగు పోయింది, మిగిలింది ఏడులా కనిపిస్తుంది, వయసు 77 అయింది. చెరకు నరకడానికి 77 ఏళ్ల మనిషిని ఎవరూ ఓడెక్కించరు కాబట్టి ఈ తప్పు దొరికిపోతుంది. 32 కాస్తా 37 అయితే? ఎవరికీ అనుమానం రాదు. అందుకని గీత పొడవునా మందం కొలుస్తారు. మూడు చుక్కల గీత ఎక్కడ అయిదారు చుక్కలకు ఉబ్బిందో అక్కడ కలం కూడా నడిచిందని లెక్క, ఆ ముక్కను చెరపకుండా వదిలేస్తారు.

ఇంత జాగ్రత్తగా విడదీశాక కూడా పని సగమే అయింది. ప్రశ్న అచ్చులో, జవాబు చేతిరాతలో ఉంటుందన్నది మనం పెట్టుకున్న లెక్క. ఫారాలు దానికి కట్టుబడి ఉండవు. కలకత్తా పాసుల్లో మగవాళ్లకు ఒక ఫారం, ఆడవాళ్లకు ఒక ఫారం. ఆ సంగతి శీర్షికలో అచ్చయి ఉంటుంది. అచ్చంతా ఊడ్చేస్తే ఆ మనిషి ఆడో మగో చెప్పే ఆధారం పోతుంది. ఎత్తు దగ్గర గుమాస్తా రాసింది 5, 4 అనే రెండంకెలే. వాటి పక్కన అచ్చయిన ‘అడుగులు’, ‘అంగుళాలు’ లేకపోతే అది 54 అయి కూర్చుంటుంది. ఆ కాలపు ఫారాల్లో తేదీ చోట 190 అని అచ్చేసి చివరి అంకెకు ఖాళీ ఉంచడం మామూలు. చేతిరాతలో కనిపించేది 7 మాత్రమే, జవాబు 1907. 1910లో పాత ఫారాలు మిగిలి ఉంటే అచ్చు సున్నా మీదే ఒకటి దిద్ది పక్కన సున్నా చేరుస్తారు. అక్కడ అచ్చును చెరిపితే దిద్దినదీ పోతుంది. రెండు అచ్చు మాటల్లో ఒకటి కొట్టేయమనే గడులు ఇంకో రకం. అక్కడ కలం చేసింది అడ్డగీత ఒక్కటే, జవాబు కొట్టేయకుండా మిగిలిన అచ్చు మాట.

కాబట్టి టైపు చేసేవాళ్ల చేతికి గడుల పట్టిక ఒకటి ముందే ఇవ్వాలి. ఏ గడిలో చేతిరాత మాత్రమే తీసుకోవాలి, ఏ గడిలో అచ్చు ముక్క కలుపుకోవాలి, ముద్ర కొట్టి ఉంటే ఏం చేయాలి, ఖాళీగా వదిలేస్తే ఏమని గుర్తు పెట్టాలి, ఇవన్నీ అందులో ఉండాలి. చేతిరాత చదివే ప్రోగ్రాముకి నేర్పేటప్పుడు ఇది మరీ ముఖ్యం. సగం మంది ‘తండ్రి పేరు’ అన్న మాట కూడా టైపు చేసి, సగం మంది వదిలేస్తే ఆ యంత్రం ఒక పాసులో చేరుస్తుంది, ఇంకో పాసులో మింగేస్తుంది. అన్ని నమూనాల్లోనూ జవాబులే ఉంటే, చెరపకుండా ఇచ్చిన బొమ్మలో కూడా అచ్చును పట్టించుకోకుండా చదవడం నేర్చుకుంటుంది. నన్నడిగితే వీలున్నచోట ఆ దారే మేలు. చెరపని బొమ్మలో రెండు అంకె అడుగు పోదు కదా.

మన తెలుగు ఫారాల చిక్కులు మనకున్నాయి. వరసల మధ్య చోటు చాలీచాలకుండా అచ్చు వేస్తారు. మనకేమో వత్తులన్నీ కిందికే వేలాడతాయి. ‘లక్ష్మి’ అని రాస్తే షవత్తు, మవత్తు గీత దాటి కింది వరసలో అచ్చయిన మాట నెత్తిన పడతాయి. గడి కొలతకు కత్తిరిస్తే వత్తు ఆ గడిలో మిగిలిపోతుంది, అచ్చు తీసివేస్తే అచ్చు మాటతో పాటు తెగిపోతుంది. ఖాళీల కింద చుక్కల గీత ఉంటే మరో తంటా. ఇంటిపేరు పొడి అక్షరం పక్కన పెట్టిన చుక్క, గీతలోని చుక్కల్లో కలిసిపోతుంది. ఫారాలు అచ్చు వేయించే దఫ్తరాలవాళ్లు లేత రంగు వాడి, వరసకు వరసకు మధ్య ఒక సెంటీమీటరు చోటు వదిలితే ఈ తంటాలు చాలావరకు ఉండవు.

మీ ఇంట్లో పాత పాసులు, టీసీలు, రిజిస్ట్రీ ఫారాలు ఏవైనా ఉంటే నలుపు తెలుపులో కాకుండా రంగులో, కనీసం 300 చుక్కల దగ్గర స్కాన్ చేయించండి. అచ్చు తీసేసిన కాపీ ఎంత శుభ్రంగా వచ్చినా అసలు బొమ్మను చెరపకండి. టైపు చేసిన వయసు మీద అనుమానం వచ్చిననాడు తిరిగి చూడాల్సింది దాన్నే.