ఫిర్యాదు మార్గం - గోప్యత: సత్యేంద్ర దూబే ఉదంతం

సంస్థలోని అక్రమాలను వెల్లడించే ఉద్యోగిని ద్రోహిగా చూడటం పరిపాటి. జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ ఇంజినీరు సత్యేంద్ర దూబే ఉదంతం ఈ అభిప్రాయాన్ని ప్రశ్నిస్తుంది. స్వర్ణ చతుర్భుజి రహదారి పనులలోని అవకతవకలపై ఆయన 2002 నవంబరులో ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాశారు, పత్రికలను ఆశ్రయించలేదు. లేఖపై సంతకం చేయక, తన వివరాలను వేరొక కాగితంపై జతచేసి, పేరును గోప్యంగా ఉంచమని కోరారు. విధేయుడైన ఉద్యోగి ఇంతకుమించి చేయగలిగినది లేదు. అయినా లేఖ ఆ వివరాలతో సహా సంబంధిత మంత్రిత్వ శాఖకు, అక్కడినుండి ఆయన సంస్థకే చేరింది. 2003 నవంబరు 27న గయలో ఆయన హత్యకు గురయ్యారు. అది దోపిడీ సందర్భంలో జరిగిన హత్య అని సి.బి.ఐ. తేల్చింది. గోప్యతాభంగం మాత్రం అంతకు ముందే జరిగింది.

అనంతరం 2004 నాటి ప్రభుత్వ తీర్మానం ఇటువంటి ఫిర్యాదులను స్వీకరించి, పేరును గోప్యంగా ఉంచే బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించింది. అనామక ఫిర్యాదులకు అందులో చోటు లేదు. కనుక కమిషన్‌కైనా పేరు తెలియాల్సిందే. 2014లో చేసిన రక్షణ చట్టం అమలులోకి రాలేదు. వచ్చినా పత్రికలకు చేసే వెల్లడికి అది రక్షణ ఇవ్వదు.

అందువల్ల బయటి వెల్లడి చట్టబలం లేని నైతిక నిర్ణయంగానే మిగులుతుంది. ఫిర్యాదు ఆరోపితుల చేతికే చేరే స్థితి ఉండి, ప్రజలకు కలిగే హాని తీవ్రమై, పత్రాధారం కూడా ఉన్నప్పుడు అది సమర్థనీయం. అప్పుడైనా వెల్లడి ఆ అక్రమాన్ని నిరూపించే పత్రాలకే పరిమితం కావాలి.